రెజ్యూమెలోని నాలుగు లైన్లు నోటికి ఎలా రావాలి: ‘మీ గురించి చెప్పండి’కి జవాబు

[తెరపై: ఒక రెజ్యూమె పైభాగం. సారాంశం పేరా మాత్రమే పెద్దదవుతుంది.]

వాయిస్:
ఇంటర్వ్యూ మొదలవగానే ‘మీ గురించి చెప్పండి’ అంటారు. చాలామంది రెజ్యూమె మొదట్లో రాసుకున్న సారాంశాన్నే అప్పజెప్పేస్తారు. అందులో ఉన్నవన్నీ నిజాలే. అయినా విన్నవాళ్ళకు ఏదీ గుర్తుండదు. అలా ఎందుకు జరుగుతుందో, ఆ పేరాని మాటగా ఎలా మార్చుకోవాలో ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం.

మనం తీసుకుంటున్న వ్యక్తి అకౌంట్స్ పేయబుల్‌లో పనిచేస్తున్నారు. అంటే సప్లయర్లు పంపే బిల్లులు సరిచూసి డబ్బు చెల్లించే విభాగం. ఇప్పుడు టీమ్ లీడ్ ఉద్యోగానికి వెళ్తున్నారు.

[తెరపై, నెమ్మదిగా టైప్ అవుతూ:]
‘6 ఏళ్ళ అనుభవం గల, ఫలితాలపై దృష్టి పెట్టే అకౌంట్స్ పేయబుల్ ప్రొఫెషనల్. ఇన్వాయిస్ ప్రాసెసింగ్, త్రీ వే మ్యాచింగ్, వెండర్ రీకన్సిలియేషన్, మంత్ ఎండ్ క్లోజింగ్‌లో నైపుణ్యం. ప్రాసెస్ మెరుగుదల ద్వారా డూప్లికేట్ చెల్లింపుల నివారణ, క్లోజింగ్ వ్యవధి 6 రోజుల నుంచి 4 రోజులకు తగ్గింపు. టీమ్‌కు శిక్షణ.’

వాయిస్:
ఇందులో వెండర్ రీకన్సిలియేషన్ అంటే సప్లయర్ల లెక్కతో మన లెక్క సరిపోల్చడం, మంత్ ఎండ్ క్లోజింగ్ అంటే నెల లెక్కలు ముగించడం. కాగితం మీద దీనికి వంక పెట్టాల్సిన పనిలేదు. రెజ్యూమెలు వడకట్టే సాఫ్ట్‌వేర్‌కి కావలసిన పదాలున్నాయి. పైపైన చూసేవాళ్ళకు ఏ పని తెలిసిన మనిషో అర్థమైపోతుంది. కావాలంటే కన్ను వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటుంది.

చెవికి ఆ వెసులుబాటు లేదు. ఒకసారి పైకి చదివి చూడండి. మొత్తం పేరాలో వాక్యాన్ని ముగించే క్రియ ఒక్కటి కూడా లేదు. నైపుణ్యం, నివారణ, తగ్గింపు, శిక్షణ: ఎవరు చేశారో, ఏం చేశారో ఒక్కచోటా చెప్పలేదు. పని చేసిన మనిషి పేరాలోంచి తప్పుకున్నాడు. ఇంటర్వ్యూ చేసేవారు తెలుసుకోవాలనుకునేది సరిగ్గా ఆ మనిషి గురించే.

[తెరపై: ‘ఫలితాలపై దృష్టి పెట్టే’, ‘నైపుణ్యం’ మీద అడ్డగీత.]

వాయిస్:
మొదటి పని కొట్టేయడం. ప్రతి మాట దగ్గరా ఆగి, ‘ఎలా?’ అని ఎదుటివాళ్ళు అడిగినట్టు ఊహించుకోండి. ‘ఫలితాలపై దృష్టి పెడతాను’ అన్నాక ‘ఎలా?’ అంటే చెప్పడానికి ఏమీ ఉండదు. అది తీసేయండి. ‘డూప్లికేట్ చెల్లింపులు ఆపాను’ అన్నాక ‘ఎలా?’ అంటే పది నిమిషాలు మాట్లాడొచ్చు. అది ఉంచండి.

ఇప్పుడు ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకోండి. మిగిలినవాటిలో ఆ ఉద్యోగానికి బాగా దగ్గరగా ఉన్నది ఒక్కటే ఎంచుకోండి. చాలామందికి కష్టమయ్యేది ఇక్కడే. మిగతావి వదిలేస్తే తక్కువ చేసుకున్నట్టు అనిపిస్తుంది. కానీ అవి ఎక్కడికీ పోవు, రెజ్యూమె వాళ్ళ చేతిలోనే ఉంది. నాలుగు నైపుణ్యాల పేర్లు వరసగా వింటే ఒక్కటీ నిలవదు. ఒక పని ఎలా జరిగిందో వింటే అదే పనిలో మిగతా నైపుణ్యాలూ కనిపిస్తాయి.

మన ఉదాహరణలో ప్రకటన ఇలా ఉందనుకుందాం: పేయబుల్స్ టీమ్‌ని నడపాలి, కంపెనీ కొత్త అకౌంటింగ్ సిస్టమ్‌కి మారుతోంది, ఆ మార్పు చూసుకోవాలి. అలాంటప్పుడు డూప్లికేట్ చెల్లింపుల సంగతే తీసుకోవాలి. అందులో తప్పు వెతకడం ఉంది, సిస్టమ్ ఉంది, టీమ్‌కు నేర్పడం ఉంది.

[తెరపై: ‘డూప్లికేట్ చెల్లింపుల నివారణ’ ఒక్కటే మిగులుతుంది. దాని కింద మూడు ఖాళీ గీతలు.]

వాయిస్:
ఇక ఆ రెండు మూడు మాటల మూటని విప్పాలి. మూడు ప్రశ్నలకు పూర్తి వాక్యాల్లో జవాబు రాయండి. ఏం తప్పు జరుగుతోంది? దానికి కారణం ఎలా దొరికింది? నేను ఏం మార్చాను?

మూడో ప్రశ్న దగ్గర తెలుగులో మాట్లాడేవాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మన మాటల్లో కర్త సులభంగా జారిపోతుంది. ‘చేశాం, తగ్గించాం, పెట్టాం’ అనేస్తాం. వినయంగానే ఉంటుంది కానీ, ‘అందులో మీ వంతు ఎంత?’ అన్న అనుమానం వచ్చి తీరుతుంది. టీమ్ చేసింది ‘చేశాం’ అనండి, మీరు చేసింది ‘చేశాను’ అనండి. ఒకే జవాబులో రెండూ రావడంలో తప్పేమీ లేదు, పైగా నమ్మకంగా ఉంటుంది.

అంకెల సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. చదివేటప్పుడు అయిదు అంకెలున్నా ఇబ్బంది లేదు. వినేటప్పుడు రెండు చాలు. పని ఎంత పెద్దదో చెప్పేది ఒకటి, ఏం మారిందో చెప్పేది ఒకటి. మార్పు చెప్పేటప్పుడు శాతాలకన్నా ముందు ఎంత, తర్వాత ఎంత అని చెప్పండి. ‘33 శాతం తగ్గింది’ అంటే ఎదుటివాళ్ళు లెక్క వేసుకోవాలి. ‘6 రోజులు పట్టేది 4 రోజుల్లో అయిపోతోంది’ అంటే అక్కడికక్కడే అర్థమవుతుంది.

[తెరపై: స్టాప్‌వాచ్ మొదలవుతుంది. జవాబు వినిపిస్తుండగా అక్షరాలు కనిపించవు.]

అభ్యర్థి గొంతు:
‘ప్రస్తుతం ఒక తయారీ కంపెనీలో అకౌంట్స్ పేయబుల్ చూస్తున్నానండి. నెలకు సుమారు 900 ఇన్వాయిస్‌లు నా దగ్గరికి వస్తాయి.

‘కిందటి ఏడాది మాకు ఒక సమస్య ఉండేది. ఒకే ఇన్వాయిస్‌కి రెండుసార్లు డబ్బు వెళ్ళిపోయేది. అలా వెళ్ళినవన్నీ తీసి పక్కపక్కన పెట్టి చూశాను. సప్లయర్లు అదే బిల్లుని మెయిల్‌లో ఒకసారి, సరుకుతో పాటు కాగితం మీద ఇంకోసారి పంపుతున్నారు. మాలో ఒకరు ఇన్వాయిస్ నంబరు మధ్యలో గీత పెట్టి ఎక్కిస్తే, ఇంకొకరు గీత లేకుండా ఎక్కించేవారు. దాంతో సిస్టమ్ వాటిని రెండు వేరే బిల్లులనుకునేది. నంబరు ఎలా ఎక్కించాలో ఒకే పద్ధతి రాసి టీమ్‌కి నేర్పాను. సప్లయర్, తేదీ, మొత్తం ఈ మూడూ కలిసిన బిల్లుల్ని చెల్లింపుకి ముందే చూపించే రిపోర్ట్ ఒకటి ఐటీ వాళ్ళతో చేయించాను. నెలాఖరులో ఆ తప్పులు వెతికే పని పోవడంతో, 6 రోజులు పట్టే క్లోజింగ్ 4 రోజులకు వచ్చింది.

‘అంతకుముందు రెండేళ్ళు ఒక చిన్న ఆఫీసులో అకౌంట్లన్నీ నేనే చూసేదాన్ని. చెల్లింపులో తప్పు జరిగితే అది ఇంకెక్కడ తేలుతుందో అక్కడే తెలిసింది.

‘మీరు కొత్త సిస్టమ్‌కి మారుతున్నారని ప్రకటనలో చూశాను. పాత డేటా కొత్తదాంట్లోకి వెళ్ళేటప్పుడు ఇలాంటి తేడాలే పైకి వస్తాయి. ఆ పనిని టీమ్‌తో కలిసి దగ్గరుండి చేయాలన్నదే ఈ ఉద్యోగానికి రావడానికి కారణం.’

[తెరపై: స్టాప్‌వాచ్ ఆగుతుంది. జవాబు నాలుగు రంగుల ముక్కలుగా విడిపోతుంది.]

వాయిస్:
తొందరపడకుండా చెబితే నిమిషంన్నర లోపు పూర్తవుతుంది. సగానికి పైగా సమయం రెండో ముక్కకే పోయింది, పోవాలి కూడా. మొదటిదానికి రెండు వాక్యాలు, పాత ఉద్యోగానికి రెండు వాక్యాలు సరిపోయాయి. రెజ్యూమెలో లేని కొత్త సంగతి చివరి ముక్కలో వచ్చింది: ఇక్కడికే ఎందుకు వచ్చారు అన్నది. సారాంశం ఏ కంపెనీకైనా ఒకటే కావచ్చు, ఈ చివరి మాటలు మాత్రం ప్రతి ఇంటర్వ్యూకీ మారాలి.

త్రీ వే మ్యాచింగ్ అన్న మాట జవాబులో రాలేదని గమనించారా? పర్చేజ్ ఆర్డర్, సరుకు అందిన రసీదు, ఇన్వాయిస్ ఈ మూడింటినీ సరిపోల్చే తనిఖీ అది. ఈ రంగం తెలిసిన మేనేజర్ అయితే, ‘మ్యాచింగ్‌లో ఇవి ఎందుకు దొరకలేదు?’ అని అడగడం ఖాయం. అది మీకు కావలసిన ప్రశ్నే. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. ఐటీ వాళ్ళని ఎలా ఒప్పించారు, పద్ధతి పాటించనివాళ్ళతో ఏం చేశారు అన్నవి కూడా వస్తాయి. జవాబులో మీరు చెప్పే ప్రతి సంగతికీ వెనక ఇంకో నిమిషం సరుకు ఉండాలి. లేదంటే ఆ సంగతి తీసేయడమే మేలు.

మొదటి ఫోన్ కాల్‌లో హెచ్‌ఆర్ వాళ్ళు అడిగినప్పుడు మాత్రం గీత ఉందా లేదా అన్న వివరం వద్దు. ‘నంబరు ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఎక్కించడంవల్ల’ అంటే సరిపోతుంది. కొంత సమయం తగ్గుతుంది, ఆకారం మారదు.

[తెరపై: చిన్న చీటీ. దాని మీద నాలుగు మాటలే: ‘900’, ‘రెండుసార్లు’, ‘చిన్న ఆఫీసు’, ‘కొత్త సిస్టమ్’.]

వాయిస్:
రాసుకున్న జవాబుని బట్టీ పట్టకండి. బట్టీ పట్టినప్పుడు ఒక మాట మరిచిపోతే దాని వెనకున్న వాక్యాలన్నీ ఆగిపోతాయి. అప్పజెబుతున్నారని వినేవాళ్ళకు తెలిసిపోతుంది కూడా: మొదటి రెండు వాక్యాలు పరుగెత్తుతాయి, గొంతు ఒకే స్థాయిలో ఉంటుంది, ‘తద్వారా’, ‘నిర్వహించడం జరిగింది’ లాంటి రాతభాష దొర్లుతుంది. కాబట్టి జవాబు కాగితం పక్కన పడేసి, ముక్కకొక మాట చొప్పున నాలుగు మాటలు చీటీ మీద రాసుకోండి. చీటీ చూస్తూ ఫోన్‌లో రికార్డ్ చేయండి. రెండోసారి చెప్పినప్పుడు వాక్యాలు మారతాయి. మారనివ్వండి.

రికార్డింగ్ వినేటప్పుడు రెండు చోట్ల చెవి పెట్టండి. మొదటిది, ఎక్కడ తడబడ్డారు. ఒకే చోట ప్రతిసారీ తడబడుతుంటే ఆ వాక్యం ఇంకా కాగితం వాక్యమే. దాన్ని రెండుగా విరవండి. రెండోది, చివరి మాట. చాలా జవాబులు ‘అంతేనండి, ఇంకేముంది’ అని నీరసంగా ఆగుతాయి. ఎక్కడ ఆపాలో ముందే అనుకోకపోవడమే దానికి కారణం. ఆఖరి వాక్యం ఒక్కటి మాత్రం మాట మారకుండా గుర్తుంచుకోండి. అది చెప్పి నోరు మూసేయండి. తర్వాత రెండు మూడు క్షణాలు నిశ్శబ్దం ఉంటుంది. వాళ్ళు నోట్ రాసుకుంటూ ఉండొచ్చు. దాన్ని నింపాలని మళ్ళీ మొదలుపెట్టకండి.

వీడియో ఇంటర్వ్యూలో ఆ చీటీని కూడా కెమెరా పక్కన అతికించుకోకండి. నాలుగు మాటలే అయినా, కళ్ళు పక్కకి వెళ్ళి రావడం అవతల తెరమీద స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకొకటి. రెండో ముక్క మధ్యలో ఉండగానే ఇంటర్వ్యూ చేసేవారు ఆపి, ‘ఆ రిపోర్ట్ గురించి ఇంకొంచెం చెప్పండి’ అనవచ్చు. జవాబు పాడైందని కంగారుపడకండి. అక్కడే ఆగి అడిగినదానికి చెప్పండి. ‘ముందు ఇది పూర్తి చేస్తాను’ అనవద్దు. మిగిలిపోయిన చివరి ముక్కని, ‘ఈ ఉద్యోగం ఎందుకు కావాలనుకుంటున్నారు?’ అని అడిగినప్పుడు అక్కడ చెప్పుకోవచ్చు.

[తెరపై: నాలుగు మాటల చీటీ. వీడియో ముగింపు.]