గోడ మూసే ముందు ముల్లు ఏం చెబుతుంది?
(అనంతపురంలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, ప్లంబర్లు, బేల్దారులు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈరోజు ఒక్క ముచ్చటే చెప్తాను. గోడలో సీపీవీసీ పైపు వేశాక, పూత పూసే ముందు, లైనులో నీళ్లు నింపి పంపుతో ఒత్తిడి పెంచి గేజు ముల్లు దిగుతుందేమో చూసే ప్రెజర్ టెస్ట్ గురించి.

"మిద్దె మీద ట్యాంకు నింపి పదిహేను రోజులైంది, చుక్క కారలేదు, ఇంకేం టెస్టు?" అని చాలామంది అడుగుతారు. లెక్క వేయండి. 10 మీటర్ల ఎత్తు నీళ్లు ఇచ్చేది ఒక కిలో ఒత్తిడి, అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కిలో. ట్యాంకుకు 4 మీటర్ల కింద ఉన్న బాత్‌రూమ్ కుళాయికి వచ్చేది అర కిలో కూడా కాదు. మనం టెస్టు చేసేది 10 కిలోల దగ్గర. రేపు మీరు ప్రెజర్ పంపు పెట్టిస్తే గోడలోని జాయింటు మీద అర కిలో కాదు, దానికి ఎన్నో రెట్లు పడుతుంది.

ఇక్కడే మన ఊళ్లో ఒక ఇంట్లో జరిగింది చెప్తాను. ఒక అంతస్తు లైను, సుమారు 30 మీటర్ల ముప్పావు అంగుళం పైపు. గీజర్ పాయింట్ దగ్గర వేడినీళ్ల లైనూ చన్నీళ్ల లైనూ ఒక హోస్‌తో కలిపాం, రెండూ ఒకేసారి టెస్టవుతాయని. మిగతా పాయింట్లన్నిటికీ డమ్మీ ప్లగ్గులు. ప్లంబర్ చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాడు. కొడుతూనే ఉన్నాడు, చెయ్యి నొప్పి పుట్టేదాకా. చివరికి ముల్లు 10కి వచ్చింది. గంట తర్వాత చూస్తే 9.8కి కాస్త దిగువన ఉంది. "అన్నా, పాస్" అన్నాడు.

నాకు మనసొప్పలేదు. అన్ని స్ట్రోకులు ఎందుకు పట్టాయి? నీళ్లు నొక్కితే నలిగేవి కావు. పైపు పూర్తిగా నీళ్లతోనే ఉంటే నాలుగైదు స్ట్రోకులకే ముల్లు లేచి నిలబడాలి. అన్ని కొట్టాల్సి వచ్చిందంటే లోపల గాలి ఉన్నట్టు. షవర్ల కోసం పైకి పోయిన నిలువు పైపుల్లో గాలి ఇరుక్కుంది. అన్నిటికంటే పైనున్న ప్లగ్గు వదులు చేశాం. బుస్సుమని గాలి, తుంపర వచ్చాయి. నీళ్లు సన్నగా ఆగకుండా కారేదాకా ఆగి, ప్లగ్గు బిగించాం. మిగతా నిలువు పైపులకూ అలాగే చేశాం.

ఈసారి నిజంగానే నాలుగైదు స్ట్రోకులకు 10 చూపింది. గంటకు 9 అయింది. ముందు గంటలో పావు కిలో కూడా తగ్గని లైనులో ఇప్పుడు ఒక కిలో తగ్గింది! లీకు కొత్తగా పుట్టలేదు. ఇరుక్కున్న గాలి స్ప్రింగులా పనిచేసి, పోయిన నీళ్ల లోటును పూడ్చింది. గాలి లేకపోతే అంత పైపులో ఒక చిన్న చెంచాకు తక్కువ నీళ్లు పోయినా ముల్లు ఒక కిలో దిగుతుంది. నిమిషానికి ఒక చుక్క లెక్క. కంటికి కనపడని లీకు అది.

వెతికాం. జాయింట్లన్నిటినీ పొడి గుడ్డతో తుడిచి టార్చ్ వేసి చూస్తే, ఒక ఎల్బో అంచున తడి. మే నెల ఎండలో పైపులు అతికించే సాల్వెంట్ సిమెంట్ పూసి, పైపు తోసే లోపే పైపొర ఆరిపోయి ఉంటుంది. కోసి మార్చి, జాయింటు ఆరడానికి ఒకరోజు వదిలి మళ్లీ టెస్టు చేశాం. ముల్లు కదల్లేదు.

ముల్లు దిగిన ప్రతిసారీ లీకు అనుకోవద్దు. పంపు కొట్టిన మొదటి కొద్దిసేపు ప్లాస్టిక్ కాస్త సాగుతుంది, ముల్లు కొంచెం జారుతుంది. మళ్లీ 10కి తెచ్చి అప్పటినుంచి గంట లెక్కపెట్టండి. సాగుడైతే దిగడం మెల్లగా ఆగిపోతుంది, లీకైతే ఆగదు. మన ఎండ ఇంకో తంటా. లైను వేడెక్కితే నీళ్లు వ్యాకోచించి ముల్లు పైకి పోతుంది, చిన్న లీకు దానికింద దాక్కుంటుంది. అందుకే నేను తెల్లవారే మొదలుపెట్టి, గోడకు ఎండ తగిలే లోపే ముగిస్తాను. ఇంకో కారణం కూడా ఉంది. వేడికి పైపు బలం తగ్గుతుంది. మందాన్ని బట్టి ఎస్‌డీఆర్ 11 అని పిలిచే రకం పైపు 23 డిగ్రీల దగ్గర 28 కిలోలు ఓర్చుకుంటుంది, 82 డిగ్రీల దగ్గర 7 కిలోలే.

గేజు 16 కిలోలదాకా ఉన్నది తీసుకోండి. పెద్ద గేజులో పావు కిలో తేడా కనపడదు. ఇంకొకటి, కొందరు నీళ్లు లేవని కంప్రెసర్‌తో గాలి కొడతారు. దయచేసి వద్దు. నొక్కిన గాలిలో దాగిన శక్తికి ప్లాస్టిక్ జాయింటు పగిలితే ముక్కలు బుల్లెట్లలా లేస్తాయి.

బేల్దారి అన్నలకు ఒక మాట. టెస్టు అయిపోయిందని గేజు విప్పనివ్వకండి. ఒత్తిడి 3 కిలోలకు దించి, పూత, టైల్స్ పని అయ్యేదాకా అలాగే ఉంచమనండి. ఉలి దెబ్బ తగిలినా, డ్రిల్ పైపులోకి దిగినా ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడుతుంది, ఎవరు ఎప్పుడు కొట్టారో అప్పుడే తెలిసిపోతుంది. ఆ ఇంట్లో మూడో రోజు సాయంత్రం అద్దం పెట్టడానికి గోడకు డ్రిల్ వేస్తుండగా ముల్లు పడిపోయింది. ఒక టైలు తీసి అరగంటలో సరిచేశాం.