బ్రెడ్డు పిండి పొంగిందని ఎలా తెలుస్తుంది? గడియారం కాదు, ముద్దను చూడండి

[తెర మీద: పక్కపక్కనే రెండు గాజు సీసాలు. రెండింట్లోనూ మైదా ముద్ద. మొదట్లో ఎంత ఎత్తుందో అక్కడ రబ్బరు బ్యాండ్.]

ఈ రెండు సీసాల్లో ఉన్నది ఒకటే పిండి. ఒకే గిన్నెలో కలిపి, సగం ఇందులో, సగం అందులో వేశాను. ఎడమ పక్కది ఏసీ గదిలో పెట్టాను, కుడి పక్కది వంటింట్లో స్టవ్ గట్టు మీద వదిలేశాను. ఇప్పటికి ముప్పావు గంట అయింది. కుడి పక్కది రెట్టింపు దాటిపోయింది, పైన బుడగలు కూడా కనిపిస్తున్నాయి. ఎడమ పక్కది రబ్బరు బ్యాండుకు కాస్త పైకి వచ్చింది, అంతే.

రెసిపీలో మాత్రం ఒకే మాట ఉంటుంది: "మూత పెట్టి గంటసేపు పక్కన ఉంచండి." ఆ గంట రెసిపీ రాసినవాళ్ల వంటింటి గంట. మీ వంటింట్లో అది ముప్పావు గంట కావచ్చు, రెండున్నర గంటలు కూడా కావచ్చు.

ఈస్ట్ ప్రాణమున్న జీవి. మైదాలో ఉన్న చక్కెరలను తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పిండిని బాగా పిసికినప్పుడు తయారయ్యే సాగే గుణం ఆ గాలిని లోపలే పట్టి ఉంచుతుంది, అందుకే ముద్ద ఉబ్బుతుంది. ఈస్ట్ ఎంత వేగంగా పనిచేస్తుందనేది వేడిని బట్టి ఉంటుంది. మన ఇళ్లలో ఉండే వేడిలో, అంటే 15 నుంచి 35 డిగ్రీల మధ్య, ఎనిమిది పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుంది, తగ్గితే సగమవుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఇంటి పనికి చాలు. 40 దాటాక ఈస్ట్ నీరసపడుతుంది. 55, 60 డిగ్రీల దగ్గర చచ్చిపోతుంది. ఈస్ట్‌ను పొగలు కక్కే నీళ్లలో కలిపితే పిండి అసలు పొంగకపోవడానికి కారణం ఇదే.

[తెర మీద: తూకం మీద గిన్నె. పక్కన కొలతలు.]

మామూలు బ్రెడ్డు పిండి తీసుకుందాం. మైదా 300 గ్రాములు, నీళ్లు 190 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఉప్పు 5 గ్రాములు, చక్కెర 10, నూనె 15. కలిపాక ముద్ద 25 డిగ్రీలు ఉండి, గది కూడా అంతే ఉంటే, గంటా పావుకి రెట్టింపవుతుంది. ఇదే ముద్ద విజయవాడలో మే నెల మధ్యాహ్నం, 35 డిగ్రీల వంటింట్లో, నలభై నిమిషాల లోపే అక్కడికి చేరుతుంది. అరకులో జనవరి ఉదయం, గది 16, 17 డిగ్రీలుంటే రెండున్నర గంటలు పడుతుంది. పిండి మారలేదు, ఈస్ట్ మారలేదు. మారింది గది ఒక్కటే.

ఇడ్లీ పిండి విషయంలో ఇది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండాకాలం రాత్రి గిన్నెలో సగానికే పోసి కింద పళ్లెం పెడతాం. చలికాలం తెల్లారేసరికి పొంగకపోతే ఇంకాసేపు ఆగుతాం. (అక్కడ పని చేసేది ఎక్కువగా బ్యాక్టీరియా, ఈస్ట్ కాదు. అయినా వేడికి లొంగే తీరు ఒకటే.) అదే మనిషి బ్రెడ్డు దగ్గరకు వచ్చేసరికి టైమర్ పెట్టుకుని కూర్చుంటాడు, ఎందుకో మరి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఈస్ట్‌కు తెలిసేది ముద్ద లోపలి వేడి, గది వేడి కాదు. గది 25 ఉన్నా, ఎండలో ఉన్న ట్యాంకు నుంచి పట్టిన నీళ్లతో కలిపితే ముద్ద 32 డిగ్రీలతో మొదలవుతుంది. అందుకే బేకరీల్లో గదిని చల్లబరిచే కన్నా నీళ్ల వేడిని సర్దుకుంటారు. దానికి చిన్న లెక్క ఉంది. ముద్ద ఎన్ని డిగ్రీలు కావాలో దాన్ని మూడుతో గుణించండి. అందులోంచి గది వేడి, మైదా వేడి, పిసికేటప్పుడు పుట్టే వేడి తీసేయండి. మిగిలింది నీళ్ల వేడి.

[తెర మీద: లెక్క అంకె తర్వాత అంకె వస్తుంది.]

వేసవిలో చేసి చూద్దాం. ముద్ద 26 కావాలి. మూడు ఇరవయ్యారులు 78. గది 36, డబ్బాలో మైదా కూడా 36, చేత్తో పిసికితే ఒక రెండు డిగ్రీలు. మొత్తం 74. 78లోంచి 74 తీస్తే 4. అంటే ఫ్రిజ్ నీళ్లు కావాలి. మిక్సర్‌తో పిసికితే వేడి ఇంకా ఎక్కువ పుడుతుంది కాబట్టి ఐస్ ముక్కలు కూడా వేయాల్సి వస్తుంది. ఐస్ బరువును నీళ్ల బరువులో కలిపే తూచండి, లేకపోతే పిండి జారిపోతుంది. ఈస్ట్‌ను మాత్రం ఐస్ నీళ్లలో వేయకండి, ముందు మైదాలో కలిపేయండి. ఇంకో దారి, ఈస్ట్‌ను సగానికి తగ్గించడం. 3 గ్రాముల బదులు ఒకటిన్నర వేస్తే పొంగడం నెమ్మదిస్తుంది, మీకు ఊపిరి తీసుకునే సమయం దొరుకుతుంది. వేసవిలో నాకు నచ్చేది ఇదే, రుచి కూడా బాగుంటుంది.

సరే, మరి పొంగిందని ఎలా తెలుసుకోవాలి?

"రెట్టింపు కావాలి" అంటారు కదా, వెడల్పాటి గిన్నెలో ఆ రెట్టింపును ఎవరూ సరిగ్గా అంచనా వేయలేరు. గిన్నె పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది, ముద్ద పక్కలకు పరుచుకుంటుంది, చూస్తే పెద్దగా పెరిగినట్టే ఉండదు. అందుకే నిలువు గోడలున్న గాజు సీసా గానీ ప్లాస్టిక్ డబ్బా గానీ వాడండి. ముద్దను లోపల వేసి పైభాగం సమంగా అదమండి, అక్కడ రబ్బరు బ్యాండ్ పెట్టండి. దాని ఎత్తు 6 సెంటీమీటర్లయితే, 12 దగ్గర రెట్టింపు. అంత పెద్ద డబ్బా లేకపోతే, నిమ్మకాయంత ముద్దను చిన్న గాజు గ్లాసులో వేసి, అసలు గిన్నె పక్కనే పెట్టి దాన్ని చూడండి. ఒక్క జాగ్రత్త. చిన్న ముద్ద గది వేడిని తొందరగా పట్టుకుంటుంది. బాగా ఎండగా ఉన్న రోజు అది పెద్ద ముద్ద కంటే ముందు పొంగుతుంది, చలిగా ఉన్న రోజు వెనకబడుతుంది.

[తెర మీద: అదే సీసా మొత్తం పొంగడం, వేగంగా తిప్పి చూపాలి.]

ఇది చూడండి. మొదట్లో చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంది. తర్వాత ఒక్కసారిగా లేచింది. ఈస్ట్ ఊపందుకోవడానికి సమయం పడుతుంది, అందుకే మొదట సగం పొంగడానికి పట్టినంత సేపు మిగతా సగానికి పట్టదు. సగానికి వచ్చింది కదా, ఇంకో అంతసేపు ఉంది అనుకుని బయటికి వెళితే, వచ్చేసరికి మూత లేచిపోయి ఉంటుంది. రెసిపీలో గంట అంటే, ఎండాకాలం ఇరవై నిమిషాలకే వచ్చి ఒకసారి చూడండి.

ఎత్తుతో పాటు పైభాగాన్నీ చూడాలి. సరిగ్గా పొంగిన ముద్ద నడుమ ఉబ్బెత్తుగా ఉంటుంది. సీసా పక్కల నుంచి చూస్తే చిన్నా పెద్దా బుడగలు కనిపిస్తాయి. కుదిపితే మెత్తగా ఊగుతుంది. పైభాగం చదునై, నడుమ గుంటపడి, మూత తీయగానే సారాయి వాసన గుప్పుమంటే ఆలస్యమైపోయినట్టే. ఇది మొదటి పొంగులో జరిగితే పెద్ద నష్టం లేదు. గాలి వదిలేలా అదిమి, మళ్లీ చుట్టి టిన్నులో వేసుకోవచ్చు, ఈసారి పొంగడానికి తక్కువ సమయం పడుతుంది. మరీ పులిసి, పట్టుకుంటే జిగురుగా చిరిగిపోతుంటే బ్రెడ్డు ఆశ వదిలేసి, పల్చగా పరిచి పిజ్జాకు వాడండి.

అసలు టెన్షన్ రెండో పొంగు దగ్గర, అంటే టిన్నులో పెట్టాక. అక్కడ తప్పితే మళ్లీ చుట్టడానికి అంత తీరిక ఉండదు. దానికే వేలి పరీక్ష.

[క్లోజప్: మైదా అద్దిన చూపుడు వేలు, టిన్నులో ముద్ద అంచు దగ్గర.]

వేలికి మైదా అద్ది, సెంటీమీటరు లోతుగా, నెమ్మదిగా నొక్కి తీశాను. గుంట చూడండి. వెంటనే పైకి తన్నుకొచ్చి చదునైతే ఇంకా టైమ్ ఉంది, లోపల బిగువు తగ్గలేదు. ఇప్పుడు చూడండి, ఇంకోసారి. మెల్లగా పైకి వస్తోంది, కానీ పూర్తిగా నిండలేదు, చిన్న గుర్తు మిగిలింది. ఇదే ఓవెన్‌లో పెట్టే సమయం. నొక్కిన గుంట అలాగే ఉండిపోయి, చుట్టుపక్కల కూడా కుంగితే దాటిపోయింది.

మొదటి పొంగుకు ఈ పరీక్ష ఇలాగే వర్తించదు. అక్కడ గుంట నిండకుండా నిలిచిపోయినా పర్వాలేదు, ఎలాగూ గాలి తీసేస్తాం. చాలామంది రెండింటినీ కలిపేసుకుని కంగారు పడుతుంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన ముద్ద మీద కూడా వేలి మాట నమ్మకండి. చల్లటి ముద్ద గట్టిగా ఉంటుంది, పొంగినా పొంగకపోయినా గుంట నెమ్మదిగానే వస్తుంది. కాసేపు బయట ఉంచి అప్పుడు చూడండి.

ఓటీజీ విషయం మర్చిపోకండి. అది 190, 200 డిగ్రీలకు వేడెక్కడానికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ టిన్నులో ముద్ద ఆగదు. పైగా ఓటీజీ వేడికి వంటిల్లు ఇంకా కాగుతుంది. కాబట్టి మేలో గుంట ఇంకా చురుగ్గా పైకి వస్తున్నప్పుడే స్విచ్ వేయండి. జనవరిలో అయితే గుంట మెల్లబడ్డాక వేసినా సరిపోతుంది. టిన్నును ఓటీజీ పక్కన పెట్టకండి, ఒక వైపే ఎక్కువ పొంగి బ్రెడ్డు వంకరగా వస్తుంది.

[తెర మీద: కోసిన రెండు బ్రెడ్డు ముక్కలు.]

కోశాక లోపలి తీరు కూడా మీకు సంగతి చెబుతుంది. ఈ ముక్క చూడండి, పక్కన పెద్ద చీలిక, అడుగున గట్టి జిగురు పొర. తొందరపడి పెట్టేశారన్నమాట. ఓవెన్‌లోకి వెళ్లాక లోపల బిగువు ఒక్కసారిగా బద్దలైంది. రెండో ముక్క పైన చదును, ముడతలు, రంగు పాలిపోయింది. ఇది ఎక్కువసేపు ఆగింది. ఎర్రగా కాలడానికి కావలసిన చక్కెరలను ఈస్ట్ చాలావరకు తినేసింది. ఓవెన్ టైమ్ పెంచితే దీనికి రంగు సరిగ్గా రాదు, ఎండిపోతుంది అంతే.

మధ్యలో బయటికి వెళ్లాల్సి వస్తే ఫ్రిజ్ ఉంది. కానీ రెట్టింపయ్యాక పెట్టకండి. 35 డిగ్రీల ముద్ద ఫ్రిజ్‌లో పెట్టగానే చల్లబడదు, నడుమ భాగం చల్లబడటానికి గంటలు పడుతుంది, ఈలోపు పొంగుతూనే ఉంటుంది. వేసవిలో ఒకటింపావు వంతుకు చేరినప్పుడే, పల్చటి స్టీలు డబ్బాలో పరిచి పెట్టండి. ముద్ద ఎంత పల్చగా ఉంటే అంత త్వరగా చల్లబడుతుంది. మర్నాడు ఉదయం తీసి చూస్తే అది రెట్టింపు దగ్గర ఆగి ఉంటుంది. అక్కడి నుంచి చుట్టి టిన్నులో వేయండి. చల్లగా ఉంది కాబట్టి రెండో పొంగుకు మామూలు కంటే ఎక్కువసేపు పడుతుంది.