ఏడు గీతలా, ఒక్క గీతా?

అందరికీ నమస్కారం. పౌరాణిక సీరియళ్ల గురించి మాట్లాడమన్నారు. అంత పెద్ద మూట నేను మోయలేను, రామానంద్ సాగర్ రామాయణంలో లక్ష్మణుడు గీసిన ఒక్క గీత గురించి చెప్పి దిగిపోతాను.

1987 జనవరి 25న మొదలై 1988 జూలై 31 దాకా, ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి, మొత్తం 78 ఎపిసోడ్లు. అప్పుడు మేం చిక్కడపల్లిలో ఓ వాటా ఇంట్లో అద్దెకుండేవాళ్లం. టీవీ ఇంటివాళ్లది, మన ఈసీఐఎల్ వాళ్లు ఇక్కడే చేసిన ఈసీ టీవీ, బ్లాక్ అండ్ వైట్. నాలుగు వాటాల వాళ్లమూ ఆ ముందుగదిలోనే. మగవాళ్లు కుర్చీల్లో, పిల్లలం చాప మీద, ఆడవాళ్లు సగం గదిలో సగం వంటింట్లో. ఇంటావిడైతే మూడొంతుల రామాయణం తిరగమోత చప్పుడు మధ్య విన్నదే, చూసింది కాదు. కుటుంబమంతా కలిసి చూసింది అని మనం ఊరికే అనేస్తాం గానీ, ఆవిణ్ని అడిగితే వేరేగా చెబుతుంది.

భాష సంగతి. హైదరాబాద్ వాళ్లకి హిందీ వచ్చు కదా అనుకుంటారు బయటివాళ్లు. మాకొచ్చింది 'నక్కో', 'హౌ' హిందీ, సుల్తాన్ బజార్లో బేరానికి సరిపోయేది. ఆ సీరియల్లో వాళ్లు 'ఆర్యపుత్ర', 'వచన్', 'ఆజ్ఞా' అంటుంటే నాకు తెల్లమొహమే. మా నాయనమ్మకి హిందీ ముక్క రాదు, కానీ ఆ మాటలన్నీ ఆవిడ హరికథల్లో విన్నవే! దాంతో మా మధ్య ఓ ఒప్పందం కుదిరింది. నామవాచకాలు ఆవిడవి, క్రియలు నావి. ఇద్దరం కలిస్తే ఒక వాక్యం పూర్తయ్యేది.

ఆ సీరియల్ నత్తనడక అని అందరూ తిట్టేవారు. ఒక మాట అనగానే సభలో ఉన్నవాళ్లందరి మొహాల మీదికీ కెమెరా వరసగా వెళ్తుంది, ఒక్కొక్కరూ ఆశ్చర్యపోవాలి. నిజమే, ఇప్పుడు చూస్తే విసుగే. కానీ మాకు అనువాదం చేసుకోడానికి టైమ్ దొరికింది అక్కడే. కైకేయి వరాలు అడిగాక దశరథుడి మొహం మీద కెమెరా ఆగినంతసేపట్లో నాయనమ్మ రెండు వరాలూ పిల్లలందరికీ చెప్పేసి, మంథరని నాలుగు తిట్టి, కాఫీ కూడా తాగేది.

ఇక గీత. లక్ష్మణుడు బాణంతో గీత గీశాడు. నాయనమ్మ గబుక్కున "ఏడు గీతలు కదరా, ఒక్కటే గీశాడేంటి?" అంది. గోన బుద్ధారెడ్డి ద్విపదలో రాసిన రంగనాథ రామాయణంలో ఏడు గీతలే. తోలుబొమ్మలాట వాళ్లు పాడేది కూడా ఎక్కువగా ఆ పుస్తకమే, ఆవిడ చిన్నప్పటి నుంచీ విన్నది అదే. తమాషా ఏంటంటే, సీరియల్ మొదట్లో వాళ్లు ఆధారాలుగా వేసిన పేర్లలో వాల్మీకి, తులసీదాసు, కంబన్‌లతో పాటు మన రంగనాథ రామాయణం కూడా ఉంది. "పేరు వేసుకుని ఆరు గీతలు మింగేశారు" అన్నది ఆవిడ తీర్పు.

పక్క వాటాలో ఓ సంస్కృతం మాస్టారుండేవారు. ఆయన తాపీగా "అసలు వాల్మీకంలో గీతే లేదమ్మా, వనదేవతలు నిన్ను కాపాడుగాక అని చెప్పి లక్ష్మణుడు వెళ్లిపోతాడు, అంతే" అన్నారు. గది మొత్తం నిశ్శబ్దం. ఇంటాయన మొహం మీదికి కెమెరా వెళ్లినట్టే అనిపించింది నాకు.

ఆ వారమంతా అదే గొడవ. నల్లా దగ్గర, మెట్ల మీద, ఒక గీతా, ఏడా, సున్నానా? మాస్టారు బుధవారానికి ఇంకో బాంబు వేశారు. తులసీదాసు కూడా అరణ్యకాండలో గీత సంగతి ఎత్తడట, ఎక్కడో లంకాకాండలో మండోదరి మొగుణ్ని దెప్పుతూ అంటుందట, రాముడి తమ్ముడు గీసిన చిన్న గీతే దాటలేకపోయావు, నీదేం మగతనం అని. నాయనమ్మకి ఇది తెగ నచ్చింది. గీతల లెక్క వదిలేసి శనివారం దాకా మండోదరినే మెచ్చుకుంది.

నేను చెప్పాలనుకున్నది ఈ ఆరు రోజుల సంగతే. అందర్నీ గదిలోకి తెచ్చింది ఆదివారం అయితే, కథని ఇంట్లో తిప్పింది సోమవారం నుంచి శనివారం. ఒకటే చానెల్, మళ్లీ చూసే వీల్లేదు, ఎవరు ఏది మిస్సయినా పక్కవాళ్లని అడగాల్సిందే.

2020 లాక్‌డౌన్‌లో, మార్చి 28 నుంచి, దూరదర్శన్ మళ్లీ వేసింది, ఈసారి రోజూ పొద్దునా రాత్రీ. మియాపూర్‌లో మా ఫ్లాట్‌లో అందరం కూర్చున్నాం, పెద్ద టీవీ, రంగుల్లో. గీత వచ్చింది. "ఏడు కదా ఉండాల్సింది" అన్నాను. మా అబ్బాయి ఫోన్ తీసి పది సెకన్లలో "వాల్మీకిలో లేదు నాన్నా" అన్నాడు. నేను మండోదరి దగ్గరికి వచ్చేలోపే రాత్రి ఎపిసోడ్ మొదలైపోయింది.