ఫోనో ప్రీయాంప్‌లో మధ్య టైమ్ కాన్‌స్టాంట్ ఎక్కడ పుడుతుంది?

అందరికీ నమస్కారం. పాత రికార్డు ప్లేయర్లు బాగు చేసుకునేవాళ్ళు మన విశాఖలో ఇంకా ఉన్నారు. ఇక్కడికి వచ్చిన మీలో చాలామంది సొంతంగా సోల్డరింగ్ చేసేవాళ్ళే. అందుకే ఈరోజు ఒకే సర్క్యూట్ గురించి మాట్లాడతాను. అది రికార్డు సూది నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ ఫీడ్‌బ్యాక్‌లో ఉండే రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు.

రికార్డు కోసేటప్పుడు బాస్ తగ్గిస్తారు, లేకపోతే గాడి మరీ అటూ ఇటూ ఊగి పక్క గాడిని తాకుతుంది. ట్రెబుల్ పెంచుతారు, వినేటప్పుడు దాన్ని తగ్గిస్తే రికార్డు ఉపరితలపు రొద కూడా దాంతోపాటు తగ్గుతుంది. ఎంత తగ్గించాలి, ఎంత పెంచాలి అన్నది 1954లో ఆర్‌ఐఏఏ ప్రమాణంగా స్థిరపడింది. అందులో మూడు టైమ్ కాన్‌స్టాంట్లు ఉన్నాయి: 3180, 318, 75 మైక్రోసెకన్లు. ఫ్రీక్వెన్సీలో చెప్పాలంటే సుమారు 50, 500, 2122 హెర్ట్‌జ్. మన ప్రీయాంప్ దీనికి సరిగ్గా తిరగేసిన పని చేయాలి.

ఇప్పుడు అసలు విషయం. R1, C1 పక్కపక్కన కలిపితే ఒక జత. R2, C2 మరో జత. రెండు జతలనూ వరసగా ఫీడ్‌బ్యాక్‌లో పెడతాం. మొదటి జత, అంటే R1 × C1, 3180 ఇస్తుంది, రెండోది, అంటే R2 × C2, 75 ఇస్తుంది. మరి 318 ఎక్కడిది? చాలామంది R2 × C1 అనుకుని లెక్క వేస్తారు. అలా వేస్తే R1 అనేది R2కి సరిగ్గా పది రెట్లు వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది కానీ తప్పు. 318ని ఏ ఒక్క జతా ఇవ్వదు, రెండూ కలిసి ఇస్తాయి:

```
T = (R1·75 + R2·3180) / (R1 + R2) = 318 µs
R1/R2 = 11.78,  C1/C2 = 3.6
```

పది రెట్లు పెట్టినవాళ్ళకి ఆ మధ్య విలువ 318 బదులు 357 అవుతుంది. 1 కిలోహెర్ట్‌జ్‌తో పోలిస్తే బాస్ అంతా దాదాపు 0.8 డెసిబెల్ తగ్గుతుంది. ఇది చెవికి లోపంలా అనిపించదు, అందుకే ప్రమాదం. పాట కాస్త పలచగా ఉందనిపిస్తుంది, మనం కార్ట్రిడ్జినో స్పీకర్లనో అనుమానిస్తాం.

ఒక లెక్క వేసి చూద్దాం. C2 10 నానోఫారడ్ అనుకోండి. 75ని దాంతో భాగిస్తే R2 7.5 కిలో ఓమ్‌లు. C1 దానికి 3.6 రెట్లు, అంటే 36 నానో. అది విడిగా దొరకడం కష్టం కాబట్టి 33, 3.3 పక్కపక్కన కలపండి, 36.3 వస్తుంది. R1 కోసం 82 కిలో, 5.6 కిలో వరసగా పెడితే 87.6 కిలో. దాన్ని 36.3తో గుణిస్తే 3180, చక్కగా కుదిరింది. మధ్యది 320 వస్తుంది, ఆ తేడా వినపడదు.

నేలకు పోయే రెసిస్టర్ 100 ఓమ్‌లు పెడితే 1 కిలోహెర్ట్‌జ్ దగ్గర గెయిన్ దాదాపు 40 డెసిబెల్స్. 5 మిల్లీవోల్టులిచ్చే మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జికి ఇది సరిపోతుంది. ఆ రెసిస్టర్‌తో వరసగా పెట్టే కెపాసిటర్ 470 మైక్రోఫారడ్ ఉండాలి. చిన్నది పెడితే బాస్ మళ్ళీ అక్కడ పోతుంది.

లెక్క సరిపోయినా వస్తువు సరిపోకపోవచ్చు. 10 శాతం తేడా ఉండే కెపాసిటర్లు ఎడమ వైపు ఎక్కువగా, కుడి వైపు తక్కువగా పడ్డాయంటే, 100 హెర్ట్‌జ్ దగ్గర రెండు ఛానెళ్ళ మధ్య 1 డెసిబెల్ దాటి తేడా వస్తుంది. స్టీరియోలో మధ్యలో వినపడాల్సిన శబ్దం పక్కకి జరుగుతుంది. అందుకే నాలుగైదు ఎక్కువ కొని, మీటర్‌తో కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని రెండు ఛానెళ్ళకీ పంచండి. ఇక్కడ మామూలు సిరామిక్ వద్దు, పాలీప్రొపిలీన్ ఫిల్మ్ తీసుకోండి. మన సముద్రపు గాలికి బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ కడిగేయడం కూడా అవసరమే. ఇన్‌పుట్ సాకెట్లు పచ్చబడ్డాయంటే హమ్ మొదలవుతుంది, దాన్ని ఈక్వలైజేషన్ తప్పు అనుకుని భాగాలు మార్చకండి.

చివరగా పరీక్ష. సిగ్నల్ జనరేటర్‌తో 1 కిలోహెర్ట్‌జ్, 5 మిల్లీవోల్టులు ఇచ్చి, అవుట్‌పుట్‌ని సున్నాగా రాసుకోండి. ఇన్‌పుట్ మార్చకుండా 100 హెర్ట్‌జ్‌కి వెళితే 13.1 డెసిబెల్స్ పెరగాలి, 10 కిలోహెర్ట్‌జ్ దగ్గర 13.7 తగ్గాలి. 100 దగ్గర 12.3 మాత్రమే వచ్చి, 10 కిలో దగ్గర దాదాపు సరిగ్గా ఉంటే, మీ రెసిస్టర్ల నిష్పత్తి పది దగ్గర ఉందో లేదో ముందు చూడండి. రెండు చోట్లా సరిపోతే నెట్‌వర్క్ బాగున్నట్టే.

ఇంట్లో 78 ఆర్‌పీఎం రికార్డులు ఉన్నవాళ్ళకి ఒక్క మాట. అవి ఎక్కువ భాగం ఈ ప్రమాణం రాకముందువి. కంపెనీని బట్టి వేర్వేరు పద్ధతుల్లో కోసినవి. ఈ సర్క్యూట్‌తో వింటే వాటి ట్రెబుల్ మూతపడినట్టుంటుంది, దానికి R2, C2 జతని స్విచ్‌తో మార్చుకునే ఏర్పాటు కావాలి. కానీ ఒక్క C2 తీసేసి ఊరుకోకండి, ఆ రెండో జత మారితే మధ్య టైమ్ కాన్‌స్టాంట్ కూడా జరుగుతుందని ఇందాకే చూశాం. ఎంత జరిగిందో అదే ఫార్ములాలో కొత్త విలువ వేసి చూసుకోండి.