కంపెనీ పుట్టక ముందే వచ్చిన లాభం ఎవరిది? పలాస జీడి ఫ్యాక్టరీ లెక్క

[స్క్రీన్ మీద: ఏప్రిల్ 1 – వ్యాపారం చేతికొచ్చింది. ఆగస్టు 1 – కంపెనీ నమోదైంది.]

నమస్కారం. పలాసలో ఇద్దరు అన్నదమ్ములు పార్ట్‌నర్‌షిప్ మీద జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్నారనుకోండి. దాన్ని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా మార్చుకున్నారు. వ్యాపారాన్ని 2024 ఏప్రిల్ 1 నుంచే కంపెనీ తీసుకున్నట్టు ఒప్పందం, కానీ రిజిస్ట్రేషన్ ఆగస్టు 1న వచ్చింది. మార్చి 31న పుస్తకాలు మూస్తే ఏడాది మొత్తానికి ఒకటే లాభం కనిపిస్తుంది. అందులో మొదటి నాలుగు నెలలది కంపెనీ సంపాదన కాదు. అప్పటికి కంపెనీయే లేదు కదా! ఆ భాగాన్ని డివిడెండ్‌గా పంచకూడదు, క్యాపిటల్ రిజర్వ్‌లో వేయాలి. అందుకే ముందు లాభాన్ని రెండు ముక్కలు చేయాలి.

[స్క్రీన్ మీద: కాలం 4 : 8, అంటే 1 : 2]

నాలుగు నెలలు, ఎనిమిది నెలలు కాబట్టి అన్నీ ఒకటికి రెండు చొప్పున పంచేస్తే పోలేదా? స్థూల లాభం దగ్గర అలా కుదరదు. వేసవిలో ఫ్యాక్టరీ జీడి పిక్కలు కొని నిల్వ చేసుకుంటుంది. పప్పు బాగా అమ్ముడయ్యేది దసరా, దీపావళి ముందు. మన ఉదాహరణలో జూలై ఆఖరు వరకు అమ్మకాలు 60 లక్షలు, తర్వాత 1 కోటి 80 లక్షలు. అంటే ఒకటికి మూడు. స్థూల లాభం 40 లక్షలైతే నమోదుకు ముందు 10 లక్షలు, తర్వాత 30 లక్షలు.

ఒక సంగతి. ఈ పంపకం ఏడాదంతా మార్జిన్ ఒకేలా ఉందని అనుకుని చేస్తున్నది. పిక్కల ధర బాగా మారిన ఏడాదిలో అది నిజం కాదు. జూలై 31 రాత్రి గోడౌన్‌లో స్టాకు లెక్కపెట్టి ఉంటే, రెండు కాలాలకూ విడివిడిగా ట్రేడింగ్ ఖాతా వేయడమే మేలు. నన్నడిగితే ఆ ఒక్క రాత్రి పని చేసిపెట్టుకోవాలి.

ఇప్పుడు ఖర్చులు. అద్దె, ఆఫీసు జీతాలు 9 లక్షలు. ఇవి నెలనెలా ఒకేలా పడతాయి కాబట్టి కాలాన్ని బట్టి 3, 6. అమ్మకాల కమీషన్, రవాణా 4 లక్షలు. ఇవి అమ్మకాలతో పెరిగేవి, కాబట్టి 1, 3. పార్ట్‌నర్ల జీతం 1 లక్ష పూర్తిగా ముందు కాలానిది. డైరెక్టర్ల ఫీజు 2 లక్షలు పూర్తిగా తర్వాతిది.

ఎక్కువమంది తప్పు చేసేది వడ్డీ దగ్గర. వ్యాపారం ఖరీదు 30 లక్షలు అన్నదమ్ములకు సెప్టెంబర్ 30న ముట్టింది. అప్పటిదాకా 12 శాతం వడ్డీ, అంటే ఆరు నెలలకు 1 లక్ష 80 వేలు. దీన్ని 4 : 8గా పంచితే తప్పు. వడ్డీ నడిచింది ఆరు నెలలే. అందులో నాలుగు ముందువి, రెండు తర్వాతివి. కాబట్టి 1 లక్ష 20 వేలు, 60 వేలు.

[స్క్రీన్ మీద: ప్రాథమిక ఖర్చులు – 60,000]

ఇక ప్రాథమిక ఖర్చులు. మెమోరాండం, ఆర్టికల్స్ రాయించడం, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు. డబ్బు జేబులోంచి తీసింది ఆగస్టుకు ముందే అయినా, ఇది కంపెనీని పుట్టించడానికైన ఖర్చు. అందుకే మొత్తం తర్వాతి కాలానికే వేస్తాం. పాత పుస్తకాల్లో దీన్ని బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తుల వైపు చూపించి ఏటా కొంచెం కొంచెం కొట్టేసేవారు. అకౌంటింగ్ స్టాండర్డ్ 26 ప్రకారం అలా మోయకూడదు, ఆ ఏడాదే లాభనష్టాల ఖాతాలోకి పోవాలి. పన్ను లెక్క వేరు: ఈ ఉదాహరణలోని ఏడాదికి వర్తించే 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35D ప్రకారం ఐదేళ్లకు సమానంగా, ఇక్కడ ఏటా 12 వేలు. దానికీ హద్దుంది: ప్రాజెక్టు ఖర్చులో గానీ, వ్యాపారంలో పెట్టిన మూలధనంలో గానీ 5 శాతం మించకూడదు.

[స్క్రీన్ మీద: ముందు 3,80,000 | తర్వాత 17,80,000 | మొత్తం 21,60,000]

ముందు కాలానికి 10 లక్షల్లోంచి 3, 1, 1, 1.20 తీసేస్తే 3 లక్షల 80 వేలు. తర్వాతి కాలానికి 17 లక్షల 80 వేలు. రెండూ కలిపితే ఏడాది నికర లాభం 21 లక్షల 60 వేలు రావాలి, వచ్చింది. కానీ మొత్తం సరిపోయిందంటే కూడిక సరైనదనే, పంపకం సరైనదని కాదు. వడ్డీని 4 : 8గా పంచినా మొత్తం ఇంతే వస్తుంది.

ఆ 3 లక్షల 80 వేలు క్యాపిటల్ రిజర్వ్. కొన్న నికర ఆస్తుల విలువ 27 లక్షలే అయితే, 30 ఇచ్చినందుకు 3 లక్షల గుడ్‌విల్ పుట్టి ఉంటుంది. దాన్ని ఈ రిజర్వ్‌తో కొట్టేసుకోవచ్చు, 80 వేలు మిగులుతుంది. ఒకవేళ మొదటి నాలుగు నెలల్లో నష్టం వచ్చి ఉంటే లెక్క తిరగబడుతుంది: ఆ నష్టాన్ని గుడ్‌విల్‌కు కలుపుతారు.