నాలుగు ముక్కలు రాసివ్వండి అని అడిగితే

శ్రోతలకు నమస్కారం.

అకౌంట్లు రాసేవాళ్ళు, డిజైన్లు చేసేవాళ్ళు, శిక్షణ ఇచ్చేవాళ్ళు, ఇలా సొంతంగా పని చేసుకునే చాలామందికి క్లయింటును టెస్టిమోనియల్ అడగాలంటే మొహమాటం. ఎలాగో ధైర్యం చేసి అడిగితే వచ్చేది ఇలా ఉంటుంది: "చాలా మంచి సర్వీస్. నమ్మకంగా పనిచేస్తారు. అందరికీ రికమెండ్ చేస్తున్నాను." రాసినాయన మనస్ఫూర్తిగానే రాశాడు. కానీ ఈ మూడు వాక్యాలను ప్లంబర్‌కైనా, లాయర్‌కైనా, పెళ్ళి ఫొటోగ్రాఫర్‌కైనా తగిలించొచ్చు. చదివిన కొత్త మనిషికి మీ పని గురించి తెలిసేది ఏమీ లేదు. ఇందులో క్లయింటు తప్పు లేదు. "మా గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి" అని ఖాళీ కాగితం చేతిలో పెట్టింది మనమే.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఫర్నిచర్ తయారుచేసే చిన్న యూనిట్ ఉంది. దాని యజమాని లెక్కలను బయటినుంచి ఒకావిడ చూస్తున్నారు. మొదట్లో బిల్లులు సగం డ్రాయర్లో, సగం ఫోన్లో ఉండేవి. నెలాఖరు లెక్క తేలేసరికి పది రోజులు పట్టేది. ఆరు నెలల తర్వాత అదే పని మూడు రోజుల్లో అయిపోతోంది. ఒకరోజు యజమాని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు: "మేడమ్, ఈసారి రెండో తారీఖుకే ఎవరు ఎంత బాకీయో తెలిసిపోయింది. ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేను."

అడగాల్సింది ఇప్పుడే. క్లయింటు తనంతట తాను ఫలితం గురించి మాట్లాడిన రోజునో, మర్నాడో అడగాలి. బిల్లుతో పాటు అడగకూడదు. అప్పుడు ఆయన బుర్ర డబ్బు లెక్కలో ఉంటుంది. పని అప్పగించిన రోజు కూడా చాలా సందర్భాల్లో తొందరే, ఎందుకంటే ఫలితం ఇంకా చేతికి రాలేదు. అలాగని ఆరు నెలలు ఆగితే, పాత ఇబ్బంది ఎంత ఇబ్బందో ఆయనే మర్చిపోతాడు. పని బాగా కుదిరినప్పుడు మనుషులు దాన్ని మామూలు విషయంగా తీసుకుంటారు, అది సహజం.

ఆవిడ రాసిన జవాబు ఇది: "చాలా సంతోషం సార్. మీరు ఇప్పుడు చెప్పిన మాట కొత్త క్లయింట్లకు ఉపయోగపడుతుంది. దాన్ని మీ పేరుతో నా వెబ్‌సైట్‌లో పెట్టుకోవచ్చా? ఒప్పుకుంటే పది నిమిషాలు ఫోన్‌లో నాలుగు ప్రశ్నలు అడుగుతాను. మీరు చెప్పిన మాటలతోనే రాసి పంపుతాను, మీరు చూసి సరే అన్నాకే వాడతాను. కుదరకపోతే ఏమీ అనుకోను." ఇందులో ఎందుకు అడుగుతున్నదీ, ఎంత సమయం పడుతుందన్నదీ ఉన్నాయి. కాదనడానికి దారి కూడా ఉంది.

ఇక ఆ నాలుగు ప్రశ్నలు. నేను రాకముందు పరిస్థితి ఎలా ఉండేది? నాకు పని అప్పగించే ముందు ఏ విషయంలో వెనకాడారు? ఇప్పుడు ఏం మారింది? ఇలాంటి సహాయం ఎవరికి పనికొస్తుందని మీకు అనిపిస్తుంది?

వీటిలో రెండోదాన్ని చాలామంది అడగరు. లోపాలు బయటికొస్తాయేమోనని టెన్షన్. నన్నడిగితే మిగతా మూడూ వదిలేసినా దీన్ని మాత్రం వదలకూడదు. ఫర్నిచర్ యజమాని ఏం చెప్పారో వినండి: "నిజం చెప్పాలంటే, బయటి మనిషికి లెక్కలన్నీ చూపించాలంటే భయమేసింది. ఎవరికి ఎంత ఇస్తున్నామో నలుగురికీ తెలిసిపోతుందేమో అనుకున్నా. మొదటి నెల కొనుగోలు బిల్లులు మాత్రమే ఇచ్చి చూశాను." సరిగ్గా ఇదే భయం రేపు ఫోన్ చేయబోయే కొత్త క్లయింటుకూ ఉంటుంది. ఆవిడ తనంతట తాను "నేను గోప్యత పాటిస్తాను" అని పెద్ద అక్షరాల్లో రాసుకున్నా ఆ భయం పోదు. అదే భయపడ్డ మనిషి, మొదట కొంచెమే ఇచ్చి చూశానని చెబితే పోతుంది. మెచ్చుకోలు మాత్రమే ఉన్న టెస్టిమోనియల్ కంటే కాస్త సందేహం కలిసింది ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది.

మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. ఆయన "చాలా బాగుంది" అంటే అక్కడితో ఆగకుండా "ఏది బాగుంది సార్?" అని అడగాలి. "టైమ్ కలిసొచ్చింది" అంటే "ఎంత?" అనాలి. ఆయన ఆలోచించి "పది రోజులది మూడు రోజులైంది" అంటారు. కానీ "ఖర్చు కూడా సగం తగ్గింది కదా సార్?" అని మనమే జవాబు నోట్లో పెట్టకూడదు. మొహమాటానికి ఆయన అవునంటారు. రేపు ఎవరైనా నేరుగా ఆయన్నే అడిగితే ఇబ్బందిపడేది ఇద్దరూ.

రాయడం దగ్గరికొద్దాం. ఆవిడ ఆయన మాటల్నే కూర్చి ఇలా పంపారు: "నెలాఖరు లెక్క తేలడానికి మాకు పది రోజులు పట్టేది. బయటి మనిషికి లెక్కలు చూపించడానికి భయపడి, మొదటి నెల కొనుగోలు బిల్లులు మాత్రమే ఇచ్చాను. ఇప్పుడు మూడు రోజుల్లో అయిపోతోంది. ఎవరు ఎంత బాకీయో రెండో తారీఖుకే తెలుస్తోంది." నాలుగు వాక్యాలు, అంతే. మెచ్చుకునే విశేషణం ఒక్కటీ లేదు, అక్కర్లేదు కూడా. ఫోన్‌లో ఆయన ఒక పెద్ద కొనుగోలుదారు పేరు చెప్పి, వాళ్ళ బాకీ గురించి కూడా మాట్లాడారు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. అది ఆయన వ్యాపార రహస్యం, ఆ క్షణంలో ఆయనకు తట్టకపోయినా.

కత్తిరించడం, వరస మార్చడం, తప్పులు దిద్దడం వరకు మన పని. ఆయన అనని మాట ఒక్కటి చేర్చినా అది టెస్టిమోనియల్ కాదు, మన ప్రకటనే. యాసను, మాట తీరును కూడా మరీ నున్నగా చెక్కకూడదు. పది టెస్టిమోనియల్సూ ఒకే గొంతుతో ఉంటే, అన్నీ ఒకే చెయ్యి రాసిందని చదివేవాళ్ళు ఇట్టే పసిగడతారు.

అనుమతి మాత్రం రాతలో ఉండాలి. "ఈ మాటలు, మీ పేరు, మీ సంస్థ పేరు, మీ ఫొటో, వీటిలో ఏవి వాడొచ్చు?" అని విడివిడిగా అడిగితే మంచిది. పేరుకు ఒప్పుకుని ఫొటో వద్దనేవాళ్ళు ఉంటారు. ఒక్క మెసేజ్‌లో "సరే" అని జవాబు వస్తే చాలు, దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి.

బాగా రాస్తే వచ్చే నెల బిల్లులో తగ్గిస్తానని ఆశ చూపడం వద్దు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో తెచ్చిన నిబంధన, నకిలీ రివ్యూలతో పాటు, మెచ్చుకుంటేనే బహుమతి అనే షరతును కూడా నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, డిస్కౌంట్ కోసం రాసిన మాట అలాగే వినిపిస్తుంది.

ఇంత చేసినా కొందరి నుంచి జవాబు రాదు. వారం పదిరోజులాగి ఒక్కసారి గుర్తు చేయొచ్చు, రెండోసారి వద్దు. పెద్ద సంస్థల్లో పనిచేసేవాళ్ళైతే, మీ పని నచ్చినా సంస్థ పేరుతో ఏమీ రాయకూడదన్న నియమం ఉండొచ్చు. పైనుంచి అనుమతి తెచ్చుకోవడం వాళ్ళకు పెద్ద పని, ఆ సంగతి మీకు చెప్పడానికీ మొహమాటమే. అలాంటివాళ్ళను ఇంకోలా అడగొచ్చు: "రాతలో వద్దు సార్. కొత్త క్లయింటు ఎవరైనా నా పని గురించి తెలుసుకోవాలంటే, మిమ్మల్ని ముందే అడిగి, మీ నంబరు ఇవ్వొచ్చా?" రాయడానికి వెనకాడిన మనిషి ఫోన్‌లో ఐదు నిమిషాలు మాట్లాడటానికి చాలాసార్లు ఒప్పుకుంటాడు. అయితే ఆ నంబరు ఎవరికి ఇస్తున్నారో ప్రతిసారీ ఆయనకు ముందుగా చెప్పండి. నెలకు ఒకరిద్దరి కంటే ఎక్కువమందిని ఆయన మీదికి పంపకండి.

నమస్కారం.