రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా

అందరికీ నమస్కారం. మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లులో కరెంటు పనులు చూస్తుంటాను. మిల్లు బంద్ పెట్టిన రాత్రి కూడా మీటరు తిరుగుతూనే ఉంటుంది కదా, అందులో ఎంత మామూలు, ఎంత దండుగ అన్నది ఎట్లా పట్టుకోవాలో చెబుతాను.

మొదట్లో మేం రోజుకు ఒక్కసారే, పొద్దున ఆరింటికి రీడింగ్ రాసేవాళ్లం. రోజుకు రెండు వేల యూనిట్లు పైన కాలే చోట రాత్రి ఓ అరవై యూనిట్లు ఎక్కువైతే ఎవరికి కనబడుతుంది? అందుకే రాత్రి పదింటికి కూడా రాయడం మొదలుపెట్టాం. పొద్దున రీడింగ్‌లోంచి రాత్రిది తీసేసి, వచ్చినదాన్ని ఎమ్మెఫ్‌తో, అంటే మీటరు గుణకంతో గుణించాలి. పెద్ద కనెక్షన్లలో సీటీలు అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు కరెంటును తగ్గించి మీటరుకు ఇస్తాయి కాబట్టి ఆ గుణకం మర్చిపోతే లెక్క మొత్తం తప్పుతుంది. మాది 20.

మిల్లు నడవని పద్నాలుగు రాత్రుల లెక్కలు తీసుకుని చిన్న నుంచి పెద్దకు పేర్చి నడిమి రెండింటికి మధ్య అంకె చూస్తే 30 యూనిట్లు వచ్చింది. లైట్లు, వాచ్‌మెన్ గది, ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే తినేది, అన్నీ అందులోనే. సగటు తీయలేదు, ఎందుకంటే ఒక్క పాడు రాత్రి ఉన్నా సగటు పైకి లేస్తుంది. 45 దాటితే ఎక్సెల్‌లో ఆ గడి ఎర్రగా మారేటట్టు పెట్టి, రిపోర్టు రోజూ పొద్దున ఓనర్‌కు, సూపర్‌వైజర్‌కు ఫోన్‌లో పంపేవాళ్లం.

ఒకరోజు ఎరుపు వచ్చింది. రాత్రి 48210.0, పొద్దున 48214.5. తేడా నాలుగున్నర, ఇరవైతో గుణిస్తే 90 యూనిట్లు. మరుసటి రాత్రీ అంతే. ఎంత కాలిందో మీటరు చెబుతుంది గానీ ఎక్కడ కాలిందో చెప్పదు, అందుకని మూడో రాత్రి పదిన్నరకు పోయి ఒక్కొక్క ఫీడరు లైను తీసుకుంటూ చూస్తే, రంగు మారిన బియ్యాన్ని ఏరే సార్టెక్స్ మిషన్‌కు గాలి ఇచ్చే 15 కిలోవాట్ల కంప్రెసర్ దగ్గర దొరికింది. దాన్ని ఎవరూ ఆఫ్ చేయలేదు. అయినా ట్యాంకు నిండితే కాసేపు ఖాళీగా తిరిగి దానంతట అదే ఆగాలి, కానీ పైపు జాయింటులో గాలి లీకై ప్రెషర్ పడిపోతుంటే ఆగే లోపే మళ్లీ లోడ్ ఎత్తుకుంటోంది. ఖాళీగా తిరిగినా పూర్తి లోడ్‌లో మూడో వంతు దాకా తింటుంది అది! గంటకు ఏడున్నర యూనిట్లు, ఎనిమిది గంటలకు అరవై, లెక్క సరిగ్గా కుదిరింది. పగలు మిషన్ల చప్పుడులో ఆ లీకు సుయ్యిమన్నా వినపడదు.

రెండు చోట్ల జాగ్రత్త. వడ్ల సీజన్లో రాత్రి షిఫ్టు నడిస్తే ఆ రాత్రిని విడిగా గుర్తు పెట్టాలి, లేకపోతే రోజూ ఎరుపే వస్తుంది, నాలుగు రోజులకు ఎవరూ చూడరు. ఇంకొకటి, పదింటి రీడింగ్ మిల్లు ఆగకముందే తొమ్మిదిన్నరకు రాసేస్తే ఆ అరగంట లోడంతా రాత్రి ఖాతాలో పడుతుంది, కాబట్టి రీడింగ్ పక్కన టైము తప్పకుండా రాయించండి. సున్నా వచ్చినా సంతోషపడొద్దు, రాత్రంతా కరెంటు పోయిందా, లేక రాసేవాడు పాత అంకెనే మళ్లీ ఎక్కించాడా అని అడగండి.